మధ్యాహ్నం 110, తెల్లవారుజామున 41: యూరిన్ ఏసీఆర్‌లో ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్ళు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా ఊళ్ళో వ్యవసాయం చేస్తారు. పోయిన నెల ఒక రోజు పొద్దున్నే పొలంలో ఎరువు మూటలు మోసి, బండి మీద నెల్లూరు వచ్చి మధ్యాహ్నం టెస్టుకు యూరిన్ ఇచ్చారు. యూరిన్ రాకపోతే ల్యాబు వాళ్ళు నీళ్ళు తాగమన్నారు. అందులో అల్బుమిన్ 46, క్రియాటినిన్ 42, రేషియో 110 వచ్చింది. పది రోజుల తర్వాత డాక్టరు గారు పొద్దున లేవగానే పట్టిన యూరిన్ తెమ్మంటే తీసుకెళ్ళాం. దాంట్లో అల్బుమిన్ 52, క్రియాటినిన్ 128, రేషియో 41. అల్బుమిన్ పెరిగింది, రేషియో తగ్గింది. రక్తంలో క్రియాటినిన్ 1.0. ఏది నమ్మాలి? కిడ్నీ చెడిపోయినట్లేనా?

సమాధానం:

నేను నెల్లూరులోనే క్లినికల్ బయోకెమిస్ట్రీలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ముందుగా మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. రెండు రిపోర్టులూ తప్పు కావు. కానీ నాన్నగారి మూత్రపిండాల గురించి నిజంగా ఏదైనా చెప్పగలిగేది తెల్లవారుజామున వచ్చిన 41 మాత్రమే. ఆ 41 కిడ్నీ చెడిపోయిందని చెప్పడం లేదు, ఏమీ లేదని కూడా చెప్పడం లేదు. ఇంకో రెండు సార్లు, అదే పద్ధతిలో, మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో చూస్తే గానీ తేలని స్థితిలో ఆయన ఉన్నారు.

ఏసీఆర్ అంటే మూత్రంలోని అల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు మధ్య ఉండే రేషియో. అల్బుమిన్ రక్తంలో ఉండే మాంసకృత్తు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం దాన్ని దాదాపుగా బయటికి వదలదు. వడపోత జరిగే సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతినడం మొదలైనప్పుడు అది కొద్దికొద్దిగా మూత్రంలోకి జారుతుంది. షుగర్ ఉన్నవారిలో సాధారణంగా రక్తంలోని క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ళ ముందే ఈ జారడం మొదలవుతుంది కాబట్టి, నాన్నగారికి క్రియాటినిన్ 1.0 ఉన్నా డాక్టరు గారు ఈ పరీక్ష రాశారు. మామూలు యూరిన్ పరీక్షలో ముంచే పట్టీ ఇంత తక్కువ మోతాదును నమ్మకంగా పట్టుకోలేదు. లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటే గానీ ఆ పట్టీ మీద స్పష్టంగా ఒక ప్లస్ రాదు. నాన్నగారి రెండు శాంపిళ్ళలోనూ ఉన్నది 46, 52 మిల్లీగ్రాములే. పట్టీతో చూసి ఉంటే రెండు సార్లూ 'నిల్' అనో, మహా అయితే 'ట్రేస్' అనో రాసి ఉండేవారు.

ఇక మిమ్మల్ని తికమక పెట్టిన విషయానికి వస్తాను. అల్బుమిన్ 46 నుంచి 52కి పెరిగింది, అయినా రేషియో సగానికి పైగా తగ్గింది. ఈ 46, 52 అనేవి ఒక లీటరు మూత్రంలో ఎంత అల్బుమిన్ ఉన్నదో చెప్పే అంకెలు. కిడ్నీ ఎంత వదిలిందనే దానితో పాటు, ఆ సమయానికి మూత్రం ఎంత పలచగా ఉన్నదనే దానిమీద కూడా ఇవి ఆధారపడి ఉంటాయి. రెండు సీసాల నీళ్ళు తాగిన మనిషి మూత్రంలో అదే అల్బుమిన్ రెండింతల నీటిలో కలిసి, సగమే ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికే క్రియాటినిన్‌ను కూడా అదే శాంపిల్‌లో కొలుస్తారు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టి, ఒక మనిషిలో గంట గంటకూ పెద్దగా మారకుండా, ఇంచుమించు ఒకే వేగంతో మూత్రంలోకి పోతుంది. మూత్రం పలచనైతే అల్బుమిన్‌తో పాటు అదీ పలచనవుతుంది. కాబట్టి ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే నీటి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది.

లెక్క చేసి చూద్దాం. క్రియాటినిన్‌ను మన ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఇస్తాయి. 42 అంటే లీటరుకు 420 మిల్లీగ్రాములు, అంటే 0.42 గ్రాములు. 46ను 0.42తో భాగిస్తే 110 వస్తుంది. తెల్లవారుజాము శాంపిల్‌లో 128 అంటే లీటరుకు 1.28 గ్రాములు. 52ను 1.28తో భాగిస్తే 41. ఈ రేషియో అర్థం ఏమిటంటే, ఒక గ్రాము క్రియాటినిన్ బయటికి పోయే లోపల ఎన్ని మిల్లీగ్రాముల అల్బుమిన్ పోయింది అని. పెద్దవాళ్ళలో రోజుకు సుమారు ఒక గ్రాము క్రియాటినిన్ పోతుందని మోటుగా అనుకుంటే, ఈ అంకె రోజు మొత్తానికి పోయిన అల్బుమిన్‌కు దగ్గరగా ఉంటుంది. ఒకప్పుడు 24 గంటల పాటు పెద్ద డబ్బాలో మూత్రం పట్టి తెచ్చే అవస్థ చాలామందికి తప్పింది ఇందువల్లనే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దాన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటారు. మధ్యాహ్నం నాన్నగారు నీళ్ళు ఎక్కువ తాగినందువల్ల 110 వచ్చిందని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. అది సరి కాదు. నీళ్ళ ప్రభావాన్ని రేషియో ముందే సరిచేసింది. నీళ్ళను తీసివేసిన తర్వాత కూడా 110కి, 41కి మధ్య రెండున్నర రెట్లకు మించిన తేడా మిగిలింది అంటే, ఆ మధ్యాహ్నం ఆయన మూత్రపిండాలు నిజంగానే ఎక్కువ అల్బుమిన్ వదిలాయన్న మాట. ఒళ్ళు వంచి పనిచేసే మనిషి కాబట్టి ఆయనకు రోజుకు 1.4 గ్రాముల క్రియాటినిన్ పోతుందని అనుకుంటే, గంటకు సుమారు 58 మిల్లీగ్రాములు. ఆ లెక్కన మధ్యాహ్నం గంటకు ఆరు మిల్లీగ్రాములకు పైగా అల్బుమిన్ పోయింది, నిద్రలో గంటకు రెండున్నర కంటే తక్కువ. మనిషి ఒకరే, మూత్రపిండాలూ అవే, పది రోజులలో జబ్బు పెరిగి తగ్గిందీ లేదు. మారినది వాటి మీద ఆ గంటల్లో పడిన పని.

ఆ పని ఏమిటో మీ ప్రశ్నలోనే ఉంది. బరువు మోయడం వంటి గట్టి శ్రమ తర్వాత, మూత్రపిండాలలో ఏ జబ్బూ లేనివారికి కూడా, కొన్ని గంటల పాటు అల్బుమిన్ ఎక్కువగా పోతుంది. కొందరిలో ఆ ప్రభావం 24 గంటల దాకా ఉండవచ్చు. నిలబడి తిరిగే సమయంలో మూత్రపిండాలకు రక్తప్రసరణ తీరు మారి, పడుకున్నప్పటికంటే ఎక్కువ పోతుంది. పగటిపూట రక్తపోటు కూడా నిద్రలో కంటే ఎక్కువగా ఉంటుంది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బాగా పెరిగిపోయిన షుగర్, అదుపు తప్పిన బీపీ, గుండె వైఫల్యం, ఇవన్నీ కూడా తాత్కాలికంగా ఈ అంకెను పైకి నెడతాయి. ఆడవారిలో నెలసరి రోజుల్లో పట్టిన శాంపిల్ పనికిరాదు. రక్తం కలిస్తే అందులోని అల్బుమిన్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

తెల్లవారుజాము శాంపిల్ విలువ ఇక్కడే ఉంది. ఆరేడు గంటలు పడుకున్న మనిషిలో శ్రమ లేదు, నిలబడటం లేదు, భోజనం లేదు, బీపీ రోజు మొత్తంలో తక్కువగా ఉండే సమయం. వడపోతను తోసే కారణాలన్నీ తగ్గిపోయాక కూడా ఇంకా ఎంత పోతున్నదో అది చూపుతుంది. మధ్యాహ్నపు 110లో ఎంత భాగం జబ్బుదో, ఎంత భాగం ఎరువు మూటలదో విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. తెల్లవారుజామున వచ్చిన 41లో మూటల వాటా దాదాపుగా లేదు. అందువల్ల నా దృష్టిలో ఆ చిన్న అంకే ఎక్కువ పట్టించుకోవలసినది. చాలామంది 'అమ్మయ్య, తగ్గింది' అని ఆ రెండో రిపోర్టును చూసి ఊరట చెందుతారు. ఊరట కొంతవరకే సరి. విశ్రాంతిలో ఉన్న మూత్రపిండం కూడా 30 దాటి వదులుతున్నదన్న సంగతి ఆ కాగితంలోనే ఉంది.

ఇంకొక కారణం కొలతకు సంబంధించినది. రాత్రంతా మూత్రాశయంలో చేరిన మూత్రం చిక్కగా ఉంటుంది. అల్బుమిన్, క్రియాటినిన్ రెండూ యంత్రం బాగా కొలవగలిగే స్థాయిలో ఉంటాయి. బాగా పలచనైన మూత్రంలో రెండూ అడుగుకు పడిపోతాయి, అప్పుడు కొలతలో వచ్చే చిన్న తేడా భాగహారంలో పెద్దదై కూర్చుంటుంది. క్రియాటినిన్ 15 అనో 18 అనో వచ్చిన రిపోర్టును నేను చూస్తే, రేషియో ఎంత ఉన్నా సరే, మళ్ళీ శాంపిల్ తెమ్మంటాను. శాంపిల్ రానివారిని నీళ్ళు తాగి కూర్చోమనడం ల్యాబులలో అలవాటైన పని. మామూలు యూరిన్ పరీక్షకు దానివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు గానీ, ఈ పరీక్షకు అది మంచి పద్ధతి కాదు. డబ్బా ఇచ్చి, మర్నాడు తెల్లవారుజాముది తెమ్మని పంపడమే మేలు.

చరిత్ర పరంగా కూడా తెల్లవారుజాము శాంపిల్‌కు ఒక స్థానం ఉంది. పెద్ద వయసులో షుగర్ వచ్చినవారిలో, ఇంత కొద్దిపాటి అల్బుమిన్ కూడా ముందుముందు రాబోయే కిడ్నీ జబ్బునూ, ఆయుష్షు తగ్గే ముప్పునూ సూచిస్తుందని డెన్మార్క్ వైద్యుడు మోగెన్సెన్ 1984లో చూపినది ఉదయపు మూత్రాన్ని కొలిచే. అయితే మధ్యాహ్నపు శాంపిల్ పూర్తిగా వృథా అని నేననడం లేదు. ఏ సమయంలో పట్టిన శాంపిల్‌లోనైనా 30 కంటే తక్కువ వస్తే, పగటి శ్రమలో కూడా అంత తక్కువే పోయిందంటే, దాన్ని అంగీకరించి మళ్ళీ ఏడాదికి చూసుకోవచ్చు. 30 దాటితేనే తెల్లవారుజాము శాంపిల్‌తో నిర్ధారించుకోవాలి. మీ డాక్టరు గారు చేసినది సరిగ్గా ఇదే.

ఇప్పుడు అంకెల అర్థం. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, లేదా కొద్దిగా మాత్రమే ఎక్కువ. 30 నుంచి 300 వరకు మధ్యస్థంగా పెరిగినట్టు. 300 దాటితే తీవ్రంగా పెరిగినట్టు. వైద్యులు వీటిని ఏ1, ఏ2, ఏ3 అని రాస్తారు. కొన్ని రిపోర్టులలో ఇదే కొలత మిల్లీమోల్ లెక్కన వస్తుంది. అందులో ఈ గీతలు సుమారు 3, 30 దగ్గర ఉంటాయి. నాన్నగారి 41 ఆ లెక్కలో 4.6 అవుతుంది. వేరే ల్యాబులో 4.6 అని చూసి పదోవంతుకు తగ్గిందని సంబరపడినవారినీ, దాన్నే తారుమారుగా పోల్చి పెరిగిందని భయపడినవారినీ చూశాను. అంకె పక్కన రాసిన ప్రమాణం చదవకుండా రెండు రిపోర్టులను పోల్చవద్దు. అలాగే కొన్ని ల్యాబులు 'మైక్రోఅల్బుమిన్' అని రేషియో లేకుండా లీటరుకు ఎంతో ఒక్కటే ఇస్తాయి. మీ సందర్భంలో అది 46, 52 అని వచ్చి, జబ్బు పెరిగిందన్న తప్పుడు అభిప్రాయం కలిగించి ఉండేది. పరీక్ష రాయించుకునేటప్పుడు 'రేషియో' అన్న మాట చీటీలో ఉందో లేదో చూసుకోండి.

30 అనే గీతకు అటూ ఇటూ ప్రపంచం మారిపోదు. ముప్పు 10 దాటినప్పటి నుంచే మెల్లగా పెరుగుతూ వస్తుంది, 29కీ 31కీ మధ్య తేడా కాగితం మీదనే. పైగా ఒకే మనిషిలో, తెల్లవారుజాము శాంపిల్‌లో కూడా, ఈ అంకె రోజు రోజుకూ బాగా ఊగుతుంది. ఈ రోజు 41 వచ్చిన నాన్నగారికి వచ్చే నెల ఏ మార్పూ లేకుండానే 28 రావచ్చు, 56 కూడా రావచ్చు. అందుకే ఒక్క శాంపిల్‌తో ఎవరికీ కిడ్నీ జబ్బు అని ముద్ర వేయకూడదు. మూడు నుంచి ఆరు నెలలలో మూడు శాంపిళ్ళు చూసి, వాటిలో రెండు 30 దాటితేనే అల్బుమిన్ నిలకడగా పోతున్నట్టు లెక్క. తర్వాత కాలంలో పోల్చి చూసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 41 నుంచి 52కి పెరిగితే కలవరపడనక్కరలేదు, 41 నుంచి 85కి, అంటే రెట్టింపు దాటి పెరిగితే అది మామూలు ఊగిసలాట కాదని అనుమానించి కారణం వెతకాలి.

రక్తంలోని క్రియాటినిన్ 1.0ను, 57 ఏళ్ళ వయసును కలిపి లెక్కకడితే నాన్నగారి వడపోత వేగం నిమిషానికి 88 మిల్లీలీటర్ల దగ్గర వస్తుంది. ఇది బాగానే ఉంది. అల్బుమిన్ నిలకడగా 30 దాటి ఉన్నదని తేలినా, ఆయనది వడపోత శక్తి చెక్కుచెదరని తొలిదశ. డయాలసిస్ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఎత్తవలసిన అవసరం లేదు.

ఈ రేషియోకు ఉన్న ఒక లోపాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే అది నాన్నగారికి వర్తిస్తుంది. భాగహారంలో కింద ఉన్న క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి, కండ ఎక్కువ ఉన్నవారిలో రేషియో అసలు కంటే తక్కువగా, కండ తగ్గినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. రోజుకు 24 మిల్లీగ్రాముల అల్బుమిన్ పోయే ఇద్దరిని తీసుకోండి. బక్కపలచని డెబ్బై ఏళ్ళ ముసలామెకు రోజుకు 0.6 గ్రాముల క్రియాటినిన్ మాత్రమే పోతుంటే ఆమె రేషియో 40 వస్తుంది. ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి 1.6 గ్రాములు పోతుంటే 15 వస్తుంది. పోయినది ఒకటే, ఒకరికి జబ్బున్నట్టు, ఇంకొకరికి లేనట్టు. నాన్నగారు రెండో కోవకు దగ్గర. 1.4 గ్రాముల లెక్కన చూస్తే, నిద్రలో ఉన్న వేగంతోనే రోజంతా పోయినా 57 మిల్లీగ్రాములు అవుతుంది. కాబట్టి 41ని 'గీతకు దగ్గరే కదా' అని తేలిగ్గా తీసుకోవద్దని నేను అనడానికి ఇది రెండో కారణం.

తర్వాతి శాంపిల్ ఎలా పట్టాలో వివరంగా చెబుతాను, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ముందురోజు సాయంత్రం ల్యాబుకు ఎవరైనా వస్తే వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకువెళ్ళండి. కూల్‌డ్రింక్ సీసాలో, మందు సీసా కడిగి అందులో పట్టి తెచ్చేవారు ఇంకా ఉన్నారు, అది వద్దు. ఆ ముందురోజు మూటలు మోయడం, మందు ట్యాంకు వీపుకెత్తుకుని పిచికారీ చేయడం వంటి పనులు పెట్టుకోవద్దు. నాట్లు, కోతల వారంలో అయితే పరీక్షనే ఇంకో వారానికి జరుపుకోండి. జ్వరంగానీ, మూత్రంలో మంటగానీ ఉంటే తగ్గేదాకా ఆగండి. రాత్రి మామూలుగా ఎంత నీళ్ళు తాగుతారో అంతే తాగి, పడుకోబోయే ముందు ఒకసారి మూత్రానికి వెళ్ళి పడుకోవాలి.

తెల్లవారుజామున మంచం దిగిన వెంటనే పోసేది పట్టాలి. మొదటి కొద్దిగా వదిలేసి, మధ్యలోది డబ్బాలో 30 మిల్లీలీటర్ల దాకా పడితే సరిపోతుంది. పల్లెల్లో నేను తరచుగా వినే మాట ఏమిటంటే, 'పొద్దున్నే పట్టినదేనండీ, గేదెలకు మేత వేసి, పాలు పితికి, టీ తాగి పట్టాం' అని. అది తెల్లవారుజాము శాంపిల్ కాదు. గంటన్నర తిరిగి పనిచేశాక వచ్చినది పగటి శాంపిల్ కిందే లెక్క, గడియారం ఆరున్నర చూపినా సరే. షుగర్ ఉన్నవారు రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు కాబట్టి, వాటిలో ఏది పట్టాలన్న సందేహం కూడా వస్తుంది. రెండు గంటలకు లేచి మళ్ళీ పడుకుని, ఐదు గంటలకు పూర్తిగా లేచారనుకోండి, ఐదు గంటలదే పట్టండి. ఆ మూడు గంటలూ ఆయన పడుకునే ఉన్నారు కాబట్టి పని జరుగుతుంది. రాత్రి లేచిన సంగతి చీటీ మీద రాస్తే చదివేవారికి ఉపయోగం.

మీ ఊరి నుంచి నెల్లూరు దూరం కాదు కాబట్టి, పట్టిన రెండు గంటల లోపల అందించగలరు. ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి వచ్చేవారికీ, రోహిణి కార్తె ఎండల్లో బండి డిక్కీలో పెట్టి తెచ్చేవారికీ ఒక మాట చెబుతాను. అల్బుమిన్ కొన్ని గంటల్లో ఇగిరిపోయేది కాదు గానీ, వేడికి క్రిములు పెరిగి శాంపిల్ పాడవుతుంది. వెంటనే బయలుదేరలేకపోతే డబ్బాను సంచిలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, పై గదిలో గడ్డకట్టించవద్దు. గడ్డకట్టి కరిగిన మూత్రంలో అల్బుమిన్ అసలు కంటే తక్కువగా రావచ్చు. మామూలు ఫ్రిజ్ చల్లదనంలో అయితే వారం దాకా కూడా నిలుస్తుంది.

అదే డబ్బా నుంచి మామూలు యూరిన్ పరీక్ష కూడా చేయించండి. చీము కణాలు ఎక్కువగా ఉంటే ఆ రోజు ఏసీఆర్‌ను పక్కన పెట్టి, ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్ళీ చూడాలి. మూడు సార్లూ ఒకే ల్యాబులో చేయించడం కూడా ముఖ్యం. అల్బుమిన్ కొలతలో యంత్రానికీ యంత్రానికీ మధ్య తేడాలు ఇంకా ఉన్నాయి కాబట్టి, నెల్లూరు పొగతోటలో ఒక చోట, ఊళ్ళో క్యాంపులో ఇంకో చోట చేయించిన అంకెలను ఒకే వరుసలో పెట్టి చూడటం కుదరదు.

ఈ మూడు నెలలలో చేతులు ముడుచుకుని కూర్చోమని కాదు. బీపీ ఎంత ఉందో మీరు రాయలేదు, అది తప్పక చూపించండి. ఆయనకు సాధారణంగా 130/80 లోపు ఉండేలా డాక్టరు గారు చూస్తారు. ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తీసుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మానిపించండి. శ్రమ చేసేవారిలో ఈ అలవాటు ఎక్కువ, మూత్రపిండాలకు అది నేరుగా హాని. అల్బుమిన్ నిలకడగా పోతున్నదని తేలితే, టెల్మిసార్టాన్, రామిప్రిల్ వర్గాల మందులలో ఒకటి, డాపాగ్లిఫ్లోజిన్ వర్గం మందు గురించి డాక్టరు గారు ఆలోచిస్తారు. ఇవి ఏసీఆర్‌ను నిజంగానే తగ్గిస్తాయి. అందుకే వీటిలో ఏది ఏ తేదీన మొదలైనదో ఏసీఆర్ అంకెల పక్కనే రాసి పెట్టుకోండి. లేకపోతే తగ్గినది మందు వల్లనా, ఊగిసలాట వల్లనా అన్నది ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. ఇప్పటికే వీటిలో ఏదైనా వాడుతూ ఉంటే, 41 అనేది మందు వాడుతుండగా వచ్చిన అంకె అని డాక్టరు గారికి గుర్తు చేయండి. పరీక్ష కోసమని మందు మాత్రం ఆపవద్దు.

ఈ పరీక్ష చూడలేనిది ఒకటుంది. మన పక్కనే కనిగిరి, పామూరు వైపు నుంచి షుగరూ, బీపీ ఏదీ లేకుండానే క్రియాటినిన్ పెరిగి వచ్చే రోగులను చూస్తుంటాం. శ్రీకాకుళం ఉద్దానంలో కూడా కారణం తేలని ఇలాంటి జబ్బే ఉంది. ఇటువంటి జబ్బులో మొదట దెబ్బతినేది వడపోత గోడలు కాదు, వాటి తర్వాత ఉండే సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అందువల్ల అల్బుమిన్ చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు. ఏసీఆర్ 12 ఉంది కాబట్టి కిడ్నీలు భద్రమని అక్కడి మనిషికి చెప్పడానికి వీల్లేదు. రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కకట్టిన వడపోత వేగం తప్పక చూడాలి. షుగర్ ఉన్నవారిలో కూడా కొందరికి అల్బుమిన్ పోకుండానే వడపోత వేగం తగ్గుతూ వస్తుంది. నాన్నగారికి ఏడాదికోసారి ఈ రెండు పరీక్షలూ కలిపే చేయించండి, ఒకటి చేయించి రెండోది వదిలేయవద్దు.

తర్వాతి రెండు శాంపిళ్ళ కోసం ఆగకుండా వెంటనే నెఫ్రాలజిస్టును కలవవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం పరీక్షలో రక్తకణాలు కనబడటం, కాళ్ళకు వాపు రావడం, తెల్లవారుజాము శాంపిల్‌లోనే అంకె ఒక్కసారిగా 300 దాటిపోవడం, క్రియాటినిన్ కొద్ది నెలల్లోనే ఎగబాకడం అటువంటివి. అలాగే కంటి డాక్టరు రెటీనా చూసి షుగర్ వల్ల ఏ మార్పూ లేదని చెప్పినా అల్బుమిన్ మాత్రం ఎక్కువగా పోతూ ఉంటే, అది షుగర్ వల్ల కాక వేరే కిడ్నీ జబ్బు కావచ్చునని అనుమానిస్తారు. నాన్నగారికి కంటి పరీక్ష ఈ ఏడాది జరగకపోతే, తర్వాతి ఏసీఆర్‌కు వచ్చిన రోజే అదీ చేయించి, రెండు రిపోర్టులూ కలిపి డాక్టరు గారికి చూపించండి.